అమ్మమ్మ, తిరిగే బిళ్ల, మూసిన పళ్లెం: ఈ కథలో తప్పెక్కడ?

గిలక
ఒక చిన్న కథ రాశాను. ఫిజిక్స్ చదివిన స్నేహితుడికి చూపిస్తే "పళ్లెం మూసేదాకా బాగుంది, మూశాక అబద్ధం" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నాడు. ఎందుకంటే చెప్పడు, "ఆలోచించు, నీకే తెలుస్తుంది" అంటాడు. నాకేమీ తెలియడం లేదు, రెండ్రోజులుగా అదే టెన్షన్. కథ కింద పెడుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి. పదో తరగతి తర్వాత సైన్సు ముట్టుకోని మనిషినని మాత్రం గుర్తుంచుకోండి.

సుధ బల్ల మీద బిళ్లను నిలబెట్టి వేలితో మీటింది. అది గిర్రున తిరుగుతూ గాజు బుడగలా కనిపించింది.

"అమ్మమ్మా, ఇప్పుడది బొమ్మా, బొరుసా?"

"తిరుగుతుంటే ఏం చెప్తానే? పడనీ."

"అదే సంగతి. పడకముందు బొమ్మా కాదు, బొరుసూ కాదు, రెండూ కలిసున్నట్టు. ఎలక్ట్రాన్లు అలాగే ఉంటాయి. దాన్ని సూపర్‌పొజిషన్ అంటారు."

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుంది. "పాపం, వాటికి కళ్లు తిరగవూ?"

సుధ నవ్వింది. బిళ్ల ఇంకా తిరుగుతుండగానే దాని మీద స్టీలు పళ్లెం బోర్లించింది. లోపల గలగలమంది, తర్వాత టకటకమంది, తర్వాత ఏమీ లేదు.

"ఇప్పుడు చెప్పు."

"ఏదో ఒకటి పడే ఉంటుంది."

"లేదు. పళ్లెం తీసేదాకా రెండూనే."

"చప్పుడు ఆగిపోయింది కదే. నువ్వు చూడకపోతే, తను ఎటు పడిందో బిళ్లకి తెలియదా?"

సుధ పళ్లెం ఎత్తింది. బొమ్మ. "చూశావా, నువ్వు చూశావు కాబట్టే బొమ్మయింది."

అమ్మమ్మ ఆ బిళ్లను మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూసింది.

ఉడుత
నా ఓటు అమ్మమ్మకే. చప్పుడు ఆగిందంటే పడినట్టే.

లోలకం
మీ స్నేహితుడు చెప్పింది నిజం. తమాషా ఏంటంటే తప్పెక్కడుందో మీ కథలోనే ఉంది, అమ్మమ్మ నోటితోనే చెప్పించారు. "చప్పుడు ఆగిపోయింది కదే" అన్నది ఈ కథలో అన్నిటికంటే మంచి మాట. కానీ సుధను గెలిపించాలన్న తొందరలో మీరు ఆవిడ నోరు మూయించేశారు. పళ్లెం కింద బిళ్ల పడిపోయింది. బొమ్మో బొరుసో తేలిపోయింది. తెలియనిది మనకు. మనకు తెలియకపోవడం వేరు, సూపర్‌పొజిషన్ వేరు.

మూడోబెంచి
మందంగా, కాస్త బరువుగా ఉన్న బిళ్ల తీసుకోమనండి. గాజు బల్ల అయితే ఇంకా ఎక్కువసేపు తిరుగుతుంది. స్టీలు పళ్లెం అంచు తగిలి త్వరగా పడిపోయి ఉంటుంది, లోతైన గిన్నె బోర్లిస్తే ఆ సమస్య ఉండదు.

గిలక
@మూడోబెంచి అది కథండీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు తిరుగుతుంది :)

మూడోబెంచి
బల్ల మీద గుడ్డ పరిచి ఉందో లేదో కూడా రాయలేదు మీరు.

నిద్రపట్టదు
లోలకం గారి మాట నాకు మింగుడుపడలేదు. పళ్లెం కింద బిళ్ల గురించి నేను చెప్పగలిగేది సగం-సగం అని. ఎలక్ట్రాన్ గురించి చెప్పగలిగేదీ సగం-సగమే. బిళ్లను వంద సార్లు మూసి తెరిస్తే దాదాపు ఏభై బొమ్మలు. ఎలక్ట్రాన్ స్పిన్‌ను, అంటే అది బుల్లి అయస్కాంతంలా ఎటు చూస్తోందన్నదాన్ని, వంద సార్లు కొలిస్తే దాదాపు ఏభై సార్లు పైకి, మిగతావి కిందకి. కాగితం మీద రెండు ఫలితాలూ పక్కపక్కన పెడితే ఏది బిళ్లదో ఏది ఎలక్ట్రాన్‌దో మీరైనా చెప్పగలరా? చెప్పలేనప్పుడు "అది తెలియకపోవడం, ఇది వేరే" అనడం ఉత్త మాటల గారడీ.

లోలకం
@నిద్రపట్టదు ఒక్కసారి చూసి ఆపేస్తే మీరన్నది పూర్తిగా నిజం. ఆ కాగితాలు చూసి నేనూ చెప్పలేను. మధ్యలో చూడకుండా అదే పని రెండోసారి చేస్తేనే తేడా బయటపడుతుంది.

మామూలు బిళ్ల సంగతి ముందు చూద్దాం. బొమ్మ పైకుండేలా మొదలుపెట్టండి. తిప్పండి, పళ్లెం మూయండి, పడనివ్వండి. చూడకుండానే ఎలాగోలా లోపలే మళ్లీ తిప్పండి. ఇప్పుడు తీస్తే? సగం-సగమే. తెలియనిదాన్ని ఇంకోసారి కలిపితే ఇంకా తెలియనిదే అవుతుంది.

ఎలక్ట్రాన్ స్పిన్‌తోనో, ఒక్క ఫోటాన్‌తోనో, అంటే ఒక్క కాంతి కణంతోనో, ఇలాంటి "తిప్పుడు" ఒకటి చేయొచ్చు. బొమ్మతో మొదలుపెట్టి ఒకసారి తిప్పి చూస్తే సగం-సగం. బొరుసుతో మొదలుపెట్టినా సగం-సగం. ఇంతవరకూ మీ బిళ్లే. కానీ బొమ్మతో మొదలుపెట్టి, మధ్యలో చూడకుండా రెండుసార్లు తిప్పితే ప్రతిసారీ బొమ్మే. వందకు వంద. మధ్యలో ఎవరైనా చూస్తే మాత్రం మళ్లీ సగం-సగమే.

మొదటి తిప్పుడు తర్వాత అది నిజంగా బొమ్మగానో బొరుసుగానో పడి ఉంటే, రెండో తిప్పుడు తర్వాత సగం-సగం రావాలి, ఎందుకంటే ఏది పడ్డా తర్వాత సగం-సగమే అని పైన చూశాం. రావడం లేదు. కాబట్టి మధ్యలో "ఏదో ఒకటి పడే ఉంది, మనకు తెలియదంతే" అన్నది అక్కడ కుదరదు.

ఉడుత
రెండుసార్లు కలిపేస్తే విడిపోవడం ఏంటి స్వామీ. పేకముక్కలు రెండోసారి కలిపితే కొత్త కట్టలా వరసలోకి వచ్చేసినట్టుంది.

లోలకం
@ఉడుత అంతే. బాగా పట్టుకున్నారు.

నిద్రపట్టదు
సరే, ఎందుకొస్తుందో కూడా చెప్పండి. వస్తుందంటే నమ్మడానికి నేను అమ్మమ్మను కాను. (అమ్మమ్మ కూడా నమ్మలేదనుకోండి.)

లోలకం
లెక్క చిన్నదే. ప్రతి అవకాశానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను దానితోనే గుణిస్తే ఎన్నిసార్లు వస్తుందో తెలుస్తుంది. ఆ సంఖ్యకు మైనస్ కూడా ఉండొచ్చు, కిటుకంతా అక్కడే.

బొమ్మను తిప్పితే: బొమ్మ 0.707, బొరుసు 0.707. దేన్ని దానితో గుణించినా 0.5, అంటే సగం.
బొరుసును తిప్పితే: బొమ్మ 0.707, బొరుసు మైనస్ 0.707. దీన్ని గుణించినా 0.5, ఇక్కడా సగమే. చూసేవాడికి మైనస్ కనిపించదు.

ఇప్పుడు రెండుసార్లు తిప్పుదాం. చివరికి బొమ్మ రావడానికి రెండు దారులు. బొమ్మ మీదుగా 0.707 × 0.707 = 0.5. బొరుసు మీదుగా కూడా 0.5. కలిపితే 1. చివరికి బొరుసు రావడానికీ రెండు దారులు: ఒకటి 0.5, రెండోది మైనస్ 0.5. కలిపితే సున్నా. బొరుసు వచ్చే రెండు దారులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మామూలు అవకాశాలకు మైనస్ ఉండదు కాబట్టి అవి ఎన్నటికీ కొట్టేసుకోలేవు.

మధ్యలో చూస్తే ఒక దారి మాత్రమే మిగులుతుంది. కొట్టేయడానికి రెండోది ఉండదు.

నిద్రపట్టదు
రాత్రి మూడింటికి కూర్చుని ఆడించి చూశా. (పేరు ఊరికే పెట్టుకోలేదు.)

```
import numpy as np
H = np.array([[1, 1], [1, -1]]) / np.sqrt(2)
s = np.array([1, 0])                # బొమ్మ
print(np.round((H @ s)**2, 3))      # ఒకసారి
print(np.round((H @ H @ s)**2, 3))  # చూడకుండా రెండుసార్లు
P = H**2                            # మధ్యలో చూస్తే
print(np.round(P @ P @ s, 3))
```

మొదటిది `[0.5 0.5]`, రెండోది `[1. 0.]`, మూడోది మళ్లీ `[0.5 0.5]`. నా "మాటల గారడీ" వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇది లెక్క మాత్రమే, నేను రాసిన మైనస్ నాకు తిరిగొచ్చింది. ప్రపంచం ఇలా చేస్తుందని ఏంటి గ్యారంటీ?

లోలకం
మంచి అనుమానమే. సగం కాంతిని పంపి సగాన్ని వెనక్కి కొట్టే అద్దాలుంటాయి. ఒక్కో ఫోటాన్‌కూ అలాంటి అద్దం ఒక "తిప్పుడు". మొదటి అద్దం దగ్గర రెండు దారులవుతాయి, మామూలు అద్దాలతో వాటిని మళ్లీ ఒకచోటికి తెచ్చి అక్కడ రెండో సగం-అద్దం పెడతారు. 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే ఫ్రాన్స్‌లో దీన్ని ఒక్కొక్క ఫోటాన్‌తో చేశారు. మొదటి అద్దం తర్వాతే పట్టుకుంటే ఫోటాన్ ఈ దారిలోనో ఆ దారిలోనో దొరుకుతుంది, రెండిట్లో ఒకేసారి దొరకదు. పట్టుకోకుండా రెండో అద్దం దాకా వదిలేస్తే మాత్రం రెండు దారులూ కలిసినట్టే నడుస్తుంది.

ఇందులో ఇంకో ముచ్చట. రెండో సగం-అద్దం తర్వాత రెండు వైపులా ఫోటాన్లను పట్టే డిటెక్టర్లు ఒక్కొక్కటి ఉంటాయి. రెండు దారుల పొడవూ సరిగ్గా కుదిరితే ఫోటాన్లన్నీ ఒక డిటెక్టర్‌లోనే పడతాయి. ఒక దారిని కాంతి తరంగంలో సగం పొడవు పెంచితే, అంటే ఆకుపచ్చ కాంతికి మిల్లీమీటరులో సుమారు నాలుగు వేలో వంతు, మొత్తం రెండో డిటెక్టర్‌కు మారిపోతాయి. బల్ల వణికితే ఆ పొడవు అటూ ఇటూ అయిపోయి లెక్క సగం-సగానికి జారుతుంది. ప్రయోగం చెడిందని తెలిసేది అలాగే.

చుక్కలదారి
మన పుస్తకాల్లో దీన్ని అధ్యారోపణం అంటారు. వేదాంతంలోనూ అధ్యారోపం ఉంది కదా, తాడును చూసి పాము అనుకోవడం. మనవాళ్లకు ఇది ముందే తెలుసు అనడానికి ఇంతకంటే ఏం కావాలి. కథలో అమ్మమ్మ చేత ఆ మాట అనిపిస్తే ఎంత అందంగా ఉంటుంది!

పాతపుస్తకం
@చుక్కలదారి అందంగానే ఉంటుంది, కానీ ఎదురు తిరుగుతుంది. తాడు-పాములో ఉన్నది తాడు ఒక్కటే. పాము మన పొరపాటు, దీపం తెస్తే పోతుంది. అంటే అది పళ్లెం కింద బిళ్లే! విషయం తేలిపోయే ఉంది, మనకు కనపడలేదంతే. లోలకం గారు పొద్దున్నించీ "అది కాదు" అంటున్నది సరిగ్గా దాన్నే. మాట ఒకటే అయినంత మాత్రాన సంగతి ఒకటి కాదు.

చుక్కలదారి
సరే, పాము పోయింది. మాట మాత్రం నాకింకా నచ్చుతుంది.

పాతపుస్తకం
ఇక కథ సంగతి. అందరూ పళ్లెం మీద పడ్డారు కానీ తిరిగే బిళ్ల కూడా అమాయకురాలు కాదు. నేను క్లాసులో ఇదే ఉదాహరణ చెప్పి చేతులు కాల్చుకున్నాను. పరీక్షలో ఒకమ్మాయి రాసింది: "ఎలక్ట్రాన్ స్పిన్ చాలా వేగంగా పైకీ కిందకీ మారుతూ ఉంటుంది, కాబట్టి కొలిచిన క్షణంలో ఏదుంటే అది దొరుకుతుంది." తప్పు. కానీ సున్నా వేయడానికి చెయ్యి రాలేదు. నేను చెప్పిన బిళ్లను ఆ పిల్ల శ్రద్ధగా విని అలాగే రాసింది. తిరిగే బిళ్ల ప్రతి క్షణమూ ఏదో ఒక వైపు తిరిగే ఉంటుంది, కెమెరాతో తీస్తే కనబడుతుంది. సూపర్‌పొజిషన్‌లో ఏదీ అటూ ఇటూ కొట్టుకోదు.

గిలక
అయ్యో, పళ్లెం పోయింది, ఇప్పుడు బిళ్ల కూడానా? కథలో మిగిలింది కళ్లజోడు ఒక్కటే.

లోలకం
@పాతపుస్తకం పూర్తిగా ఒప్పుకుంటాను. నేనైతే తిరగని బిళ్లనే వాడతాను. అంచు మీద కదలకుండా నిలబడ్డ బిళ్ల. "బొమ్మ పైకుందా, బొరుసు పైకుందా" అంటే జవాబు లేదు. కానీ "ఎటు చూస్తోంది" అంటే కచ్చితమైన జవాబుంది: బొమ్మ తూర్పుకు చూస్తోంది.

స్పిన్ అచ్చం అలాంటిది. 1922లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువులను అయస్కాంతం గుండా పంపితే పుంజం రెండుగా చీలింది, మధ్యలో ఏమీ లేదు. అయస్కాంతాన్ని పక్కకు తిప్పి, "తూర్పు" అన్నవాటినే ఏరుకుందామనుకోండి. వాటిని పైకా-కిందకా అని అడిగితే సగం-సగం. అడగకుండా మళ్లీ తూర్పా-పడమరా అని అడిగితే అన్నీ తూర్పే. అంటే వాటిలో తెలియనితనం ఏమీ లేదు. మనం దానికి జవాబు లేని ప్రశ్న వేశాం, అది ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చింది.

ఉడుత
జవాబు లేని ప్రశ్న వేస్తే ఏదో ఒకటి చెప్పాల్సి రావడం. ఎలక్ట్రాన్ కూడా మా ఇంట్లోనే ఉంటుందన్నమాట.

వంకరగీత
లోలకం గారూ, మీరు కొంచెం స్పీడుగా తీర్పు ఇచ్చేస్తున్నారు. "బిళ్లకి తెలియదా?" అన్న అమ్మమ్మ ప్రశ్న ఎలక్ట్రాన్ దగ్గర కూడా పూర్తిగా ఓడిపోలేదు. 1952లో డేవిడ్ బోమ్ చూపించిన పద్ధతిలో కణం ఎప్పుడూ ఏదో ఒక దారిలోనే ఉంటుంది. దాన్ని నడిపించే అల మాత్రం రెండు దారుల్లోనూ వెళ్తుంది. మీ రెండు అద్దాల ప్రయోగంలో సరిగ్గా మీ ఫలితమే వస్తుంది. కణానికి తెలుసు, మనకు తెలియదు, అంతే! 1964లో బెల్ రుజువు చేసింది కూడా అలాంటివి అసలు కుదరవని కాదు. కుదరాలంటే దూరాన జరిగేదాని ప్రభావం ఇక్కడ వెంటనే ఉండాలని.

లోలకం
@వంకరగీత నిజమే, "ఏదో ఒకటి పడే ఉంది అనడం కుదరదు" అని గట్టిగా అన్నాను. "అది పడి ఊరుకుంది, ఇంకేమీ లేదు అనడం కుదరదు" అనాల్సింది. బోమ్ పద్ధతిలో కూడా రెండో దారిలో ఏదో వెళ్తూనే ఉంది కదా. పైగా అందులో ముందే ఉండేది కణం చోటు ఒక్కటే. స్పిన్ పైకా కిందకా అన్నది కణం జేబులో పెట్టుకుని రాదు, అయస్కాంతాన్ని ఎలా పెట్టామన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది. బొమ్మా-బొరుసుల విషయంలో అమ్మమ్మకు అక్కడా పూర్తి గెలుపు లేదు.

వంకరగీత
చోటు ముందే ఉంది కదా. నాకది చాలు. మిగతాది మనం ఇక్కడ తేల్చేది కాదు.

నిద్రపట్టదు
నాకో చిన్న సందేహం. "మధ్యలో చూస్తే" అంటున్నారు. ఎవరు చూడాలి? సుధ చూడాలా, పిల్లి చూసినా సరిపోతుందా?

లోలకం
ఎవరూ చూడక్కర్లేదు, అందుకే "నువ్వు చూశావు కాబట్టే బొమ్మయింది" అన్న వాక్యం తీసేయమంటాను. వియన్నాలో 70 కార్బన్ పరమాణువులున్న అణువులతో ఇలాంటి రెండు దారుల ప్రయోగాలు చేశారు. 2003లో ఆ గదిలోకి కొద్దికొద్దిగా వాయువు వదిలారు. దారులు కలిసినందువల్ల అవతల చారలు కనిపిస్తాయి, వాయువు వదిలేకొద్దీ ఆ చారలు పలచబడి మాయమయ్యాయి. 2004లో ఆ అణువులనే బాగా వేడి చేశారు. వేడికి అవి కాంతి విడుస్తాయి, ఆ కాంతి అవి ఎక్కడున్నాయో బయటకు చెప్పేస్తుంది, చారలు మళ్లీ పోయాయి. ఎవరూ కన్ను పెట్టి చూడలేదు. ఏ దారిలో వెళ్లిందన్న ఆనవాలు బయట మిగిలితే చాలు.

ఇప్పుడు పళ్లెం కింద బిళ్లను తలుచుకోండి. గాలి కొడుతోంది, బల్ల తగులుతోంది, వేడి బయటకు పోతోంది. పైగా గలగలమని ఇల్లంతా చాటింపు! అమ్మమ్మ చెవితో కొలిచేసింది. ఆ చప్పుడే ఆనవాలు.

ఉడుత
మొదటి పోస్టులోనే నేను ఓటేశానని అందరూ గమనించగలరు.

గిలక
ఇప్పటికి అర్థమైంది. "చూశావా" నుంచి తీసేసి ఇలా మార్చాను, చూడండి.

సుధ పళ్లెం ఎత్తబోయి ఆగింది. "నిజమే అమ్మమ్మా. ఇది పడిపోయింది. ఎలక్ట్రాన్ అయితే చప్పుడు చేయదు."

"చప్పుడు చేయకపోతే పడలేదని ఎలా తెలిసింది మీకు?"

"చూడకుండా రెండోసారి తిప్పుతారు. మొదట బొమ్మ పెడితే చివరికి ప్రతిసారీ బొమ్మే వస్తుంది. మధ్యలో పడి ఉంటే అలా రాదు."

అమ్మమ్మ పళ్లెం తీసి, బిళ్లను బొమ్మ పైకి పెట్టి, నిలబెట్టి మీటింది. కళ్లు మూసుకుంది. చప్పుడు ఆగాక తడుముకుని తీసి మళ్లీ మీటింది. అలా పదిసార్లు చేసి, ప్రతిసారీ చివర్న మాత్రం కళ్లు తెరిచి, కాగితం మీద గీతలు పెట్టుకుంది. ఆరు బొమ్మలు, నాలుగు బొరుసులు.

"ఇది మామూలు బిళ్లేనే," అంది. "ఇంకోటుంటే పట్రా."

పాతపుస్తకం
"ఇంకోటుంటే పట్రా" చాలు, నా క్లాసులో వాడుకుంటాను. ఒక్క సవరణ: "రెండూ కలిసున్నట్టు" పక్కన "అటూ ఇటూ మారుతున్నట్టు కాదు" అని సుధ చేత అనిపించండి. లేకపోతే నా విద్యార్థిని ఇంకోసారి పుడుతుంది.

చుక్కలదారి
నాకు పాత ముగింపే బాగుంది. తప్పయితే అయింది, ఆవిడ ఆ బిళ్లను అలా చూడటంలో ఏదో ఉంది. ఇప్పుడు అది ల్యాబ్ రికార్డులా అయింది.

నిద్రపట్టదు
@చుక్కలదారి నాకు కొత్తదే బాగుంది. పాతదాంట్లో ఆవిడ నోరు మూసుకుని నమ్మింది, ఇందులో లెక్కపెట్టింది.

గిలక
స్నేహితుడికి పంపాను. "పదిసార్లు సరిపోవు, వంద చేయించు" అని జవాబిచ్చాడు.

మూడోబెంచి
వంద సార్లంటే గాజు బల్ల తప్పదు మరి.